యాప్‌లో ఒక అంకె, కాంట్రాక్ట్ నోట్‌లో ఇంకోటి, బ్యాంకులో మరోటి: షేర్లు కొన్న లెక్క కలిపేదెలా?

షేర్లు కొన్న రోజు సాయంత్రం యాప్ తెరిస్తే పెట్టుబడి 74,387 రూపాయల 50 పైసలు అని ఉంటుంది. రాత్రి మెయిల్‌కి వచ్చిన కాంట్రాక్ట్ నోట్ చివర 74,738 రూపాయల 52 పైసలు అని ఉంటుంది. బ్యాంకు ఖాతాలో చూస్తే పోయింది 75,000. ఈ మూడింటిలో ఏది నిజం అని అడిగితే, మూడూ నిజమే. ఒక్కోటి ఒక్కో ప్రశ్నకు జవాబు. కొన్న సరుకు విలువ ఎంత, ఆ కొనుగోలుకు మొత్తం చెల్లించాల్సింది ఎంత, మీరు బ్రోకరుకు పంపింది ఎంత అన్నవి వేర్వేరు ప్రశ్నలు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే "అదర్ చార్జెస్ అండి" అని తేల్చేస్తారు. ఆ "అదర్" లోపల ఏముందో ఒక లావాదేవీని మొదటి నుంచి చివరి దాకా పట్టుకుని చూస్తేనే తెలుస్తుంది.

దీనికి తోడు 2025 జూన్ చివరి నుంచి నోట్ రూపం కొంత మారింది. అంతకుముందు ముక్కలు ముక్కలుగా కనిపించిన ధరల స్థానంలో ఇప్పుడు ఒకే సగటు ధర కనిపిస్తోంది. పాత నోట్లకు అలవాటు పడ్డవాళ్లు కూడా కొత్తవి చూసి తికమక పడుతున్నది అందుకే.

ఈ వ్యాసానికి ఒక ఉదాహరణ తీసుకుందాం. వరంగల్‌లో ఉండే ఒక టీచరమ్మ, సోమవారం ఎన్‌ఎస్‌ఈలో ఒక కంపెనీ షేర్లు 60 కొన్నారు, ఉంచుకోవడానికి. అంటే డెలివరీ. ఆమె బ్రోకరు 0.30 శాతం బ్రోకరేజీ తీసుకుంటారు. ఫ్యూచర్స్, ఆప్షన్ల లెక్క వేరు, వాటి జోలికి ఇక్కడ పోవడం లేదు.

## కాంట్రాక్ట్ నోట్ అంటే బిల్లే, కానీ బిల్లు కన్నా కొంచెం ఎక్కువ

మీ తరఫున ఎక్స్ఛేంజీలో ఏ షేరు, ఎన్ని, ఎంతకు కొన్నారో అమ్మారో, దానికి ఏమేం వసూలు చేశారో బ్రోకరు రాసిచ్చే చట్టబద్ధమైన పత్రం ఇది. ట్రేడు జరిగిన 24 గంటల్లోపు ఇవ్వాలని షేర్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ నిబంధన. ఇప్పుడు దాదాపు అందరికీ డిజిటల్ సంతకంతో పీడీఎఫ్‌గా మెయిల్‌కి వస్తుంది. తెరవడానికి పాస్‌వర్డ్ చాలా చోట్ల పెద్ద అక్షరాల్లో మీ పాన్ నంబరే.

ఒక రోజుకు ఒక నోట్. ఆ రోజు మీరు ఏమీ కొనకపోతే, అమ్మకపోతే నోట్ రాదు. ఈ చిన్న విషయం తర్వాత పెద్ద పని చేస్తుంది, ఎందుకంటే మీ డబ్బు తగ్గే సందర్భాలు ట్రేడు లేని రోజుల్లోనూ ఉంటాయి. వాటి గురించి ఈ పత్రంలో ఎంత వెతికినా దొరకదు.

నోట్ పైభాగంలో మీ పేరు, పాన్, క్లయింట్ కోడ్, ట్రేడు తేదీ, సెటిల్‌మెంట్ నంబరు, సెటిల్‌మెంట్ తేదీ ఉంటాయి. రెండు తేదీలు ఎందుకంటే, కొన్నది ఒక రోజు, డబ్బూ షేర్లూ చేతులు మారేది ఇంకో రోజు. 2023 జనవరి 27 నుంచి మన దగ్గర షేర్లన్నిటికీ టీ ప్లస్ 1 పద్ధతి వచ్చింది. టీ అంటే ట్రేడు రోజు. సోమవారం కొంటే మంగళవారం, మధ్యలో సెలవుంటే ఆ తర్వాతి పనిదినం, లెక్క తేలుతుంది. సోమవారం రాత్రి, షేర్లు ఎలక్ట్రానిక్ రూపంలో ఉండే డీమ్యాట్ ఖాతాలో అవి కనిపించలేదని టెన్షన్ పడక్కర్లేదు.

## ఆర్డరు ఒకటే, ట్రేడులు రెండు

టీచరమ్మ పెట్టింది ఒకే ఆర్డరు: 60 షేర్లు, 1,240 రూపాయల లిమిట్‌తో, అంటే షేరుకు అంతకు మించి పెట్టనని. కానీ ఆ క్షణంలో అమ్మేవాళ్లలో ఒకరు 25 షేర్లు 1,239.50కి ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నారు, మిగతా 35 షేర్లు 1,240కి దొరికాయి. కాబట్టి ఒక ఆర్డరు నంబరు కింద రెండు ట్రేడు నంబర్లు పుట్టాయి.

మొదటి ముక్క విలువ 30,987.50. రెండో ముక్క 43,400. మొత్తం 74,387.50. దీన్ని 60తో భాగిస్తే 1,239.7917 వస్తుంది. నిజానికి అది 1,239.791666... అంటూ పోతూనే ఉండే సంఖ్య, నాలుగు దశాంశాల దగ్గర ఆపారు. కొత్త నోట్ మొదటి పేజీలో మీకు కనిపించేది ఈ సగటే. ఏ ట్రేడు ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు ఏ ధరకు జరిగిందన్న వివరం వెనక అనుబంధంలోకి వెళ్లింది.

ఈ మార్పు మంచిదా కాదా అన్నదాని మీద రెండు రకాల మాట వినిపిస్తుంది. ఒకే షేరును రోజంతా ఎన్‌ఎస్‌ఈలో కొంత, బీఎస్‌ఈలో కొంత కొనేవాళ్లకు ఒకే సగటు, ఒకే నోట్ చాలా హాయి. ఇంతకుముందు పేజీలకు పేజీలు వచ్చేవి. మరోవైపు, స్క్రీన్ మీద తాను చూసిన 1,240 అనే ధర నోట్‌లో ఎక్కడా కనబడక, "నేను ఈ ధరకు కొనలేదే" అని కంగారు పడే చిన్న మదుపరులూ ఉన్నారు. నా ఉద్దేశంలో అనుబంధం ఉన్నంత వరకు పోయిందేమీ లేదు. కాకపోతే పీడీఎఫ్‌ను మొదటి పేజీతో మూసేసే అలవాటు మానుకోవాలి.

ఒక సలహా లాంటి పరిశీలన: సగటు ధరను 60తో గుణించి చూస్తే 74,387.502 వస్తుంది, 74,387.50 కాదు. షేర్లు వేలల్లో ఉంటే ఈ గుండ్రం చేసిన తేడా కొన్ని పైసలు దాటుతుంది. విలువను ఎప్పుడూ ముక్కల నుంచి కూడుకుంటేనే సరిగ్గా కలుస్తుంది.

## బ్రోకరేజీ రెండు చోట్ల కనిపిస్తే రెండుసార్లు తీసుకున్నట్టా?

ఎక్కువమంది లెక్క తప్పేది ఇక్కడే. బ్రోకరేజీని నోట్‌లో చూపించే పద్ధతులు రెండున్నాయి.

మొదటి పద్ధతిలో షేరు ధరలోనే కలిపేస్తారు. సగటు ధర 1,239.7917, దాని పక్క గడిలో ఒక్కో షేరుకు బ్రోకరేజీ 3.7194, ఆ పక్కన నెట్ రేటు 1,243.5111. దాన్ని 60తో గుణిస్తే సుమారు 74,610.66. ఈ నోట్‌లో పే-ఇన్, అంటే షేర్ల కోసం మీరు కట్టాల్సింది, అని రాసే మొత్తం ఈ 74,610.66. అంటే 223.16 రూపాయల బ్రోకరేజీ అప్పటికే అందులో ఉంది.

రెండో పద్ధతిలో షేరు ధరకు ఏమీ కలపరు. నెట్ రేటు కూడా 1,239.7917గానే ఉంటుంది, పే-ఇన్ 74,387.50. బ్రోకరేజీ 223.16 కింద సారాంశంలో విడిగా వస్తుంది. ఆర్డరుకు ఇంత అని స్థిరంగా తీసుకునే బ్రోకర్ల నోట్లు సాధారణంగా ఇలాగే ఉంటాయి.

చిక్కేమిటంటే, మొదటి పద్ధతి నోట్‌లో కూడా కింద సారాంశంలో "పన్ను వేయదగిన సేవ విలువ" అనే వరుసలో బ్రోకరేజీ మళ్లీ కనబడుతుంది. జీఎస్టీ దేని మీద లెక్కేశారో చూపించడానికి అది అక్కడ ఉండాలి. అది మళ్లీ వసూలు చేసిన సొమ్ము కాదు. ఆ సంగతి తెలియక దాన్ని కూడితే టీచరమ్మ లెక్క 74,961.68 దగ్గర తేలుతుంది, నోట్‌లోని చివరి అంకె మాత్రం 74,738.52. తేడా సరిగ్గా 223.16. మీ లెక్కకు, నోట్‌కు తేడా వచ్చినప్పుడు ఆ తేడా బ్రోకరేజీతో పైసాతో సహా సమానమైతే, బ్రోకరు రెండుసార్లు తీసుకున్నాడని కాదు, మీరు రెండుసార్లు కూడారని అర్థం.

ఏ పద్ధతో కనిపెట్టడం సులువు. ధర గడి, నెట్ రేటు గడి పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ ఒకటే అయితే బ్రోకరేజీ కింద కలుస్తుంది. వేరైతే పైనే కలిసిపోయింది.

బ్రోకరేజీకి గరిష్ఠ పరిమితి 2.5 శాతం. చిన్న కొనుగోళ్లలో ఇది పనికొస్తుంది. "కనీసం 25 రూపాయలు" అనే షరతు ఉన్న ఖాతాలో 800 రూపాయల షేరు ఒక్కటి కొంటే, పరిమితి ప్రకారం బ్రోకరేజీ 20 దాటకూడదు. ఆర్డరుకు ఇంత అని తీసుకునే చోట మరో సంగతి గమనించాలి. ఆర్డరు రెండు ముక్కలుగా అమలైనా అది ఒక ఆర్డరే, చార్జీ ఒక్కసారే. మిగిలిన ముక్క కోసం మర్నాడు మళ్లీ ఆర్డరు పెడితే మాత్రం అది రెండోది.

## మిగతా కోతలు ఎవరికి వెళ్తాయి?

బ్రోకరు చేతికి నిజంగా మిగిలేది బ్రోకరేజీ ఒక్కటే. మిగతావన్నీ ఆయన వసూలు చేసి వేరేవాళ్లకు కట్టేవి.

అన్నిటికన్నా పెద్దది ఎస్టీటీ, అంటే షేర్ల లావాదేవీల పన్ను. కేంద్రానికి వెళ్తుంది. డెలివరీలో కొన్నప్పుడు 0.1 శాతం, అమ్మినప్పుడూ 0.1 శాతం. మన ఉదాహరణలో 74.39 రావాలి, నోట్‌లో 74 అని ఉంటుంది. ఎస్టీటీని దగ్గరి నిండు రూపాయికి సర్దుతారు కాబట్టి అర్ధ రూపాయి వరకు తేడా ఉండొచ్చు.

స్టాంపు డ్యూటీ కొన్నవాళ్లకే, అమ్మినవాళ్లకు లేదు. 2020 జులై 1కి ముందు రాష్ట్రానికో రేటు ఉండేది. ఇప్పుడు దేశమంతా డెలివరీకి 0.015 శాతం. కొన్నవాళ్లు ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రానికి చేరుతుంది, అంటే టీచరమ్మ కట్టిన 11 రూపాయలు తెలంగాణ ఖజానాకు. లెక్క ప్రకారం 11.16, దీన్ని కూడా చాలా నోట్లలో నిండు రూపాయల్లోనే చూస్తాం.

ఎక్స్ఛేంజీ చార్జీ చిన్నది. 2024 అక్టోబర్ 1 నుంచి ఎన్‌ఎస్‌ఈ లక్ష రూపాయల విలువకు 2 రూపాయల 97 పైసలు తీసుకుంటోంది. ఆ తేదీకి ముందు ఎక్కువ వ్యాపారం చేసే బ్రోకర్లకు తక్కువ రేటు ఉండేది. బ్రోకరు మదుపరి దగ్గర పై రేటు వసూలు చేసి, ఎక్స్ఛేంజీకి కింది రేటు కట్టి, మధ్యలోది మిగుల్చుకోగలిగేవాడు. మదుపరి పేరున వసూలు చేసింది యథాతథంగా ఎక్స్ఛేంజీకి చేరాలని సెబీ ఆదేశించడంతో అందరికీ ఒకే రేటు వచ్చింది. కొన్ని నోట్లలో మదుపరుల రక్షణ నిధికి కోటికి 10 రూపాయల చొప్పున ఇంకో చిన్న వరుస ఉంటుంది, లేదా ఎక్స్ఛేంజీ చార్జీలోనే కలిసి ఉంటుంది. మన ఉదాహరణలో అది 7 పైసలే కాబట్టి వదిలేశాను. సెబీ రుసుము కూడా కోటికి 10 రూపాయలే.

ఇక జీఎస్టీ. దీన్ని షేర్ల విలువ మీద వేయరు. బ్రోకరేజీ, ఎక్స్ఛేంజీ చార్జీ, సెబీ రుసుము ఈ మూడింటి మొత్తం మీద 18 శాతం. ఎస్టీటీ మీదా, స్టాంపు డ్యూటీ మీదా జీఎస్టీ ఉండదు, ఎందుకంటే అవి పన్నులు, సేవలు కావు. బ్రోకరు మీ రాష్ట్రంలోని రిజిస్ట్రేషన్ మీద బిల్లు వేస్తే సీజీఎస్టీ 9, ఎస్‌జీఎస్టీ 9 అని రెండు వరుసలు. వేరే రాష్ట్రంలోది అయితే ఐజీఎస్టీ 18 అని ఒకే వరుస. పక్కింటాయన నోట్‌లో ఒక రకంగా, మీ నోట్‌లో ఇంకో రకంగా ఉన్నా కట్టేది ఒకటే.

అన్నీ కలిపి చూస్తే ఆ సోమవారం నోట్ ఇలా ఉంటుంది:

| వరుస | రూపాయలు |
|---|---|
| షేర్ల విలువ | 74,387.50 |
| బ్రోకరేజీ | 223.16 |
| ఎక్స్ఛేంజీ చార్జీ | 2.21 |
| సెబీ రుసుము | 0.07 |
| సీజీఎస్టీ | 20.29 |
| ఎస్‌జీఎస్టీ | 20.29 |
| ఎస్టీటీ | 74.00 |
| స్టాంపు డ్యూటీ | 11.00 |
| చెల్లించాల్సిన నికర మొత్తం | 74,738.52 |

కోతలు మొత్తం 351.02. "మాది జీరో బ్రోకరేజీ" అనే చోట ఇదే కొనుగోలు చేసి ఉంటే బ్రోకరేజీ, దాని మీది జీఎస్టీ కలిపి 263.33 తగ్గేవి. కానీ 87.69 మిగిలే ఉండేవి. జీరో అన్న మాట అబద్ధమని కోప్పడేవాళ్లను చూస్తుంటాం. బ్రోకరేజీ వరకు ఆ మాట నిజమే. అయితే ప్రకటనలో సున్నా అంత పెద్దగా, మిగతా కోతలు అంత చిన్నగా వేస్తే, చదివినవాళ్లు ఖర్చే లేదనుకోవడంలోనూ తప్పు లేదు.

## అదే రోజు కొన్ని అమ్మేస్తే ఎస్టీటీ తగ్గుతుంది

ఇది చూడగానే తప్పుపడ్డట్టు అనిపించే సంగతి. టీచరమ్మ 60 కొన్నాక, మధ్యాహ్నం అందులో 20 షేర్లను 1,250కి అమ్మేశారనుకోండి. ట్రేడులు పెరిగాయి, ఎస్టీటీ మాత్రం 74 నుంచి 56కి దిగుతుంది.

కారణం, అదే రోజు కొని అమ్మిన 20 షేర్లు డెలివరీ కిందికి రావు, ఇంట్రాడే అవుతాయి. వాటికి కొన్న వైపు ఎస్టీటీ ఉండదు, అమ్మిన వైపు 0.025 శాతమే. 25,000 మీద అది 6.25. మిగిలిన 40 షేర్లకు 49,591.67 మీద 0.1 శాతం, అంటే 49.59. రెండూ కలిపితే 55.84, సర్దితే 56. స్టాంపు డ్యూటీ కూడా ఆ 20 షేర్లకు 0.003 శాతానికి పడిపోతుంది. బ్రోకరేజీలో కూడా చాలామంది ఇంట్రాడేకు వేరే రేటు పెడతారు.

కొనేటప్పుడు యాప్‌లో డెలివరీ అని నొక్కారా, ఇంట్రాడే అని నొక్కారా అన్నది ఎస్టీటీకి ముఖ్యం కాదు. రోజు ముగిసేసరికి షేర్లు నిజంగా మీ చేతికొచ్చాయా లేదా అన్నదే లెక్క. అలాంటి రోజు నోట్‌లో కొన్నదీ అమ్మిందీ ఎదురెదురుగా తీసివేసి, నికరం ఒక్కటే చివర చూపిస్తారు. కాబట్టి "కొన్నది 74 వేలు, నోట్‌లో 49 వేలే ఉందేమిటి" అన్న ప్రశ్నకు జవాబు అమ్మకపు వరుసలో ఉంటుంది.

## బ్యాంకుకూ నోట్‌కూ మధ్య ఒక పుస్తకం ఉంది

ఇప్పుడు అసలు ముడి. కాంట్రాక్ట్ నోట్‌లోని 74,738.52 బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఎక్కడా దొరకదు, దొరకాలని కూడా లేదు. మీరు బ్యాంకు నుంచి డబ్బు పంపేది బ్రోకరు దగ్గర మీ పేరున ఉన్న ఖాతాలోకి. నోట్ మొత్తం తగ్గేది ఆ ఖాతాలోంచి. ఆ ఖాతా లెక్కను లెడ్జర్ అంటారు. బ్యాంకునూ నోట్‌నూ నేరుగా కలపబోయేవాళ్లు ఎప్పటికీ కలపలేరు. బ్యాంకును లెడ్జర్‌తో, లెడ్జర్‌ను నోట్లతో కలపాలి.

లెడ్జర్ చదివేటప్పుడు ఒక తిరకాసు ఉంది. అది బ్రోకరు పుస్తకం కాబట్టి మీరు పంపిన డబ్బు అక్కడ క్రెడిట్. అదే డబ్బు మీ బ్యాంకు స్టేట్‌మెంట్‌లో డెబిట్. ఒకే 75,000 రెండు చోట్ల ఎదురు పేర్లతో కనబడడం సహజం.

టీచరమ్మ వారం ఇలా గడిచింది. సోమవారం నెట్ బ్యాంకింగ్ ద్వారా 75,000 పంపారు. ఆమె బ్రోకరు నెట్ బ్యాంకింగ్‌కి 9 రూపాయలు, దాని మీద జీఎస్టీ తీసుకుంటారు. యూపీఐలో పంపి ఉంటే ఇది పడేది కాదు. బుధవారం డీమ్యాట్ నిర్వహణ చార్జీ మూడు నెలలది 75 రూపాయలు, జీఎస్టీతో 88.50 పడింది. గురువారం 20 షేర్లను 1,262కి అమ్మారు. ఆ అమ్మకం నోట్‌లో విలువ 25,240, కోతలు 115.28, రావాల్సింది 25,124.72. అమ్మకం కాబట్టి స్టాంపు డ్యూటీ లేదు. డీమ్యాట్ ఖాతాలోంచి షేర్లు బయటికి వెళ్లాయి కాబట్టి డీపీ చార్జీ 13.50, జీఎస్టీతో 15.93. చివరికి ఆమె 25,000 వెనక్కి తీసుకున్నారు.

| లెడ్జర్ వరుస | మార్పు | నిల్వ |
|---|---|---|
| నెట్ బ్యాంకింగ్ ద్వారా వచ్చింది | +75,000.00 | 75,000.00 |
| చెల్లింపు గేట్‌వే చార్జీ | −10.62 | 74,989.38 |
| సోమవారం నోట్ | −74,738.52 | 250.86 |
| డీమ్యాట్ నిర్వహణ చార్జీ | −88.50 | 162.36 |
| గురువారం నోట్ | +25,124.72 | 25,287.08 |
| డీపీ చార్జీ | −15.93 | 25,271.15 |
| బ్యాంకుకు పంపింది | −25,000.00 | 271.15 |

బ్యాంకు వైపు చూస్తే 75,000 పోయింది, 25,000 వచ్చింది, నికరంగా 50,000 బయట ఉంది. రెండు నోట్ల నికరం 49,613.80. నోట్‌లో రాని మూడు చార్జీలు 115.05. బ్రోకరు దగ్గర మిగిలింది 271.15. ఈ మూడూ కూడితే సరిగ్గా 50,000. లెక్క కలిసింది.

గమనించాల్సింది ఆ 115.05. ఏ కాంట్రాక్ట్ నోట్‌లోనూ అవి లేవు. గేట్‌వే, నిర్వహణ, డీపీ చార్జీలు ట్రేడు ఖర్చులు కావు కాబట్టి నేరుగా లెడ్జర్‌లో పడతాయి. సకాలంలో డబ్బు లేక నిల్వ మైనస్‌లోకి పోతే వేసే వడ్డీ కూడా అంతే. డీపీ చార్జీ ఒక కంపెనీ షేర్లకు రోజుకు ఒకసారి, ఎన్ని షేర్లు అమ్మినా ఒకటే. అందుకే 20 షేర్లను నాలుగు రోజుల్లో ఐదైదు చొప్పున అమ్మితే నాలుగుసార్లు పడుతుంది.

వాడకుండా మిగిలిన నిల్వను బ్రోకరు మీరు ఎంచుకున్నట్టు నెలకో, మూడు నెలలకో ఒకసారి బ్యాంకుకు తిరిగి పంపాలి. అడగకుండానే ఒక శుక్రవారం 271 రూపాయలు వచ్చి పడితే అది ఇదే.

అందరి ఖాతాలూ ఇలా ఉండవు. బ్యాంకు, డీమ్యాట్, ట్రేడింగ్ మూడూ ఒకే సంస్థ దగ్గర ఉన్నవాళ్లకు, లేదా డబ్బును బ్యాంకులోనే నిలిపి ఉంచే యూపీఐ బ్లాక్ పద్ధతి ఎంచుకున్నవాళ్లకు, ట్రేడు రోజున కొంత మొత్తం ఆగి ఉంటుంది, సెటిల్‌మెంట్ అప్పుడు కావలసినంతే పోతుంది. అక్కడ బ్యాంకులో నోట్ మొత్తమే కనబడే అవకాశం ఎక్కువ. తికమక తక్కువ. ఆగి ఉన్న మొత్తాన్ని పోయిన మొత్తంగా పొరబడడమే అక్కడి తప్పు. ఆపేటప్పుడు కొంచెం ఎక్కువే ఆపుతారు.

## ఇంతకీ షేరు ఎంతకు పడింది?

దీనికి ఒక్క జవాబు లేదు. యాప్ 1,239.79 అంటుంది, ఎందుకంటే అది కోతలు కలపదు. జేబులోంచి పోయినదాన్ని బట్టి చూస్తే 74,738.52ను 60తో భాగించాలి, అంటే 1,245.64. ఆదాయపు పన్ను కోసం లాభం లెక్కేసేటప్పుడు ఇంకోటి. అక్కడ బ్రోకరేజీ వంటి ఖర్చులు కలుపుకోవచ్చు గానీ, ఎస్టీటీని కలుపుకోనివ్వరు. 74 రూపాయలు తీసేస్తే 74,664.52, షేరుకు 1,244.41.

యాప్‌లు కోతలు కలపకుండా చూపించడం మోసమని కొందరంటారు. మార్కెట్ ధరతో పోల్చాలంటే కొన్న ధరే పక్కన ఉండాలి, చార్జీలు కలిపితే పోలిక చెడుతుందని యాప్ వైపు వాదన. రెండింట్లోనూ పస ఉంది. కానీ 1,243 దగ్గర అమ్మి "యాప్ ఆకుపచ్చగా ఉంది, లాభమే" అనుకుంటే పొరపాటు. కొన్న ఖర్చే 1,245.64, పైగా అమ్మినప్పటి కోతలు ఇంకా ఉన్నాయి.

## తేడా నిజంగా తప్పేనా?

కొన్ని పైసల తేడాను వెంటాడడం దండగ. గురువారం అమ్మకంలోనే చూడండి: 76.50 మీద 18 శాతం 13.77. సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీగా విడదీస్తే ఒక్కోటి 6.885, అది 6.89 అవుతుంది, మొత్తం 13.78. ఆ ఒక్క పైసా ఎక్కడిదంటే అక్కడిది.

తేడా పెద్దదైతే దాని పరిమాణమే చాలాసార్లు ఆచూకీ చెబుతుంది. బ్రోకరేజీతో సమానమైతే పైన చెప్పినట్టు రెండుసార్లు కూడారు. షేర్ల విలువలో సరిగ్గా వెయ్యో వంతు దగ్గర ఉంటే ఎస్టీటీ వదిలేశారు. పదమూడు నుంచి పాతిక రూపాయల మధ్య ఉండి, అమ్మిన రోజు తర్వాత కనిపిస్తే డీపీ చార్జీ అయి ఉండొచ్చు. ఏ నోట్‌కూ సంబంధం లేని పెద్ద డెబిట్ లెడ్జర్‌లో ఉంటే, ఆ వరుస పక్కన రాసిన వివరణ అడగాల్సిందే.

కంగారు పడాల్సింది మాత్రం వేరేచోట. మీరు పెట్టని ఆర్డరుకు నోట్ వస్తేనో, నోట్‌లో ఉన్న షేర్లు సెటిల్‌మెంట్ తర్వాత కూడా డీమ్యాట్‌లో లేకపోతేనో ఆగకూడదు. ట్రేడు జరిగిన రోజు ఎక్స్ఛేంజీ నుంచి నేరుగా మీ ఫోనుకు, మెయిల్‌కు సందేశం వస్తుంది. దానిలోని షేర్ల సంఖ్య, విలువ నోట్‌తో పోల్చండి. అనుబంధంలోని ఆర్డరు, ట్రేడు నంబర్లు తీసుకుని ఎన్‌ఎస్‌ఈ వెబ్‌సైట్‌లోని ట్రేడ్ వెరిఫికేషన్ పేజీలో ఇటీవలి ట్రేడులను మీరే సరిచూసుకోవచ్చు. షేర్ల నిల్వకు బ్రోకరు యాప్ కన్నా, డీమ్యాట్ షేర్లను భద్రపరిచే సంస్థలైన సీడీఎస్‌ఎల్ లేదా ఎన్‌ఎస్‌డీఎల్ పంపే స్టేట్‌మెంట్ చూడండి, అది బ్రోకరు చేతిలో లేనిది. అవి కలవకపోతే ముందు బ్రోకరుకు రాతపూర్వకంగా మెయిల్ పెట్టాలి, నోట్ నంబరు, తేదీ, ఆర్డరు నంబరుతో సహా. జవాబు సరిగ్గా లేకపోతే సెబీ స్కోర్స్ పోర్టల్‌లో ఫిర్యాదు చేసేటప్పుడు ఆ మెయిల్, ఆ పీడీఎఫ్ రెండూ జతచేయాలి. అందుకని నోట్లను యాప్‌లో వదిలేయకుండా దింపుకుని ఒక ఫోల్డరులో పెట్టుకున్నవాళ్ల పని అక్కడ తేలిక.